అప్‌డేట్: బజ్జీ ప్లేటు 35 చేశాక

నేను అడిగింది: నూనె ధర పెరిగింది, మా టిఫిన్ సెంటర్‌లో అన్ని రేట్లూ ఒకేసారి పెంచెయ్యొచ్చా?

ముందు మైసూర్ బజ్జీ ఒక్కటే 30 నుంచి 35 చేశాను. రోజుకు 120 ప్లేట్లు పోయేవి. ఖర్చు 18 పోను ప్లేటుకు 12 మిగిలేది, ఇప్పుడు 17. అంటే 85 ప్లేట్లు అమ్ముడైనా పాత లాభం తగ్గదు. మొదటి వారం 95కి పడిపోయింది. సాయంత్రానికి పిండి మిగులుతుంటే టెన్షన్ పడ్డాను. ఇడ్లీ మాత్రం ఎప్పటిలాగే పోయింది కాబట్టి జనం రావడం మానలేదని అర్థమైంది. మూడో వారానికి 108 దగ్గర నిలబడింది. ధర గురించి అడిగింది ఇద్దరే. మిగతావాళ్లు ప్లేటులో బజ్జీలు నాలుగే ఉన్నాయా అని లెక్కపెట్టుకున్నారు! అసలు గొడవంతా 5 రూపాయల చిల్లరతోనే. ఇడ్లీ రోజూ వచ్చేవాళ్లది, దాన్ని ఇప్పుడే ముట్టుకోను. వచ్చే నెల పూరీ పెంచి చూస్తాను, అదీ నూనెలో వేగేదే కదా.