అడ్వాన్స్ తీసుకున్నాక కొటేషన్ టోటల్ తప్పని తేలింది, సేటుకు ఎలా చెప్పాలి?

యాదగిరి, నల్లగొండ

అందరికీ నమస్తే. మాది షెడ్ల పని. నకిరేకల్ దగ్గర వడ్ల వ్యాపారం చేసే సేటు ఒకాయన గోదాముకు కొటేషన్ అడిగారు. 60 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు. పైపులు, రేకులు, రిడ్జ్, స్క్రూలు, లేబర్ అన్నీ వేసి పంపే ముందు ఆయనే ఫోన్ చేసి "ముందర ఒక రోలింగ్ షట్టర్ కూడా కలపండి" అన్నారు. మా దగ్గర లెక్కలు చూసే అబ్బాయి ఎక్సెల్‌లో కింద ఇంకో లైన్ పెట్టి షట్టర్‌కు 26,000 రాశాడు. టోటల్ ఫార్ములా మాత్రం పాతదే ఉండిపోయింది.

```
=SUM(F4:F8)
```

షట్టర్ ఉన్నది F9లో. దాంతో 18 శాతం జీఎస్టీ కలిపి 4,10,446 రూపాయలని పీడీఎఫ్ వెళ్లింది. అసలు రావలసింది 4,41,126. తేడా 30,680.

సేటు వాట్సాప్‌లో "ఓకే, 4.10 ఫైనల్" అని పెట్టి 50,000 అడ్వాన్స్ పంపారు. పైపులు ఆర్డర్ పెట్టబోతూ లెక్క చూస్తే ఇది బయటపడింది. ఇంకా ఒక్క పైపు కొయ్యలేదు. ఈ పార్టీకి చుట్టుపక్కల మూడు నాలుగు మిల్లుల వాళ్లతో మంచి పరిచయాలున్నాయి. డబ్బుల కంటే ఆ టెన్షనే ఎక్కువగా ఉంది. ఎలా చెప్పమంటారు?

నరేందర్, సూర్యాపేట

ఇందులో టెన్షన్ ఎందుకన్నా? షట్టర్ 26,000 అని లైన్‌లో కనిపిస్తూనే ఉంది కదా. కూడిక తప్పు మాత్రమే. నేను పంచాయతీ పనుల టెండర్లు వేస్తుంటాను. రేటుకూ టోటల్‌కూ పొంతన లేకపోతే రేటే చెల్లుతుంది. కరెక్ట్ బిల్లు పంపు, కట్టాల్సిందే.

మల్లేశ్, దేవరకొండ

కట్టాల్సిందే అంటే సేటు కడతాడా? నన్నడిగితే ఆయనతో ఈ ముచ్చటే ఎత్తొద్దు. రేకు 0.50 రాసి ఉంటే 0.45 వెయ్యి. పైపు గేజ్ కొంచెం తగ్గించు. 30 వేలు అందులోనే వస్తాయి. మార్కెట్‌లో అందరూ చేసేదే.

ఖాజా, గద్వాల

నాకూ ఇలాంటిదే అయింది కానీ నేను కొనే వైపు. కారం మర పెట్టుకుందామని మెషిన్ల కొటేషన్ తీసుకుని బ్యాంకులో ఇచ్చాను. లోన్ శాంక్షన్ అయ్యాక సప్లయర్ ఫోన్ చేసి మోటార్ ధర కలపలేదన్నాడు. బ్యాంకు పాత అంకె ప్రకారమే లోన్ రాసింది. పెరిగింది నా జేబులోంచి పెట్టుకోవలసి వచ్చింది. మీ సేటు కూడా బ్యాంకులో ఇచ్చాడేమో ముందు కనుక్కోండి. నా విషయంలో కొత్త కొటేషన్ ఇస్తే లోన్ పెంచేవాళ్లా? ఎవరికైనా తెలుసా?

శ్రీనివాస్, మహబూబ్‌నగర్

యాదగిరి తమ్మీ, పైపు కొయ్యకముందే తేలడం నీ అదృష్టం. నేను ఈ పనిలో కొటేషన్లు రాస్తూనే ముసలివాణ్ని అవుతున్నాను, కాబట్టి కాస్త పొడుగ్గా చెప్తాను.

మొదట మల్లేశ్ మాట. అందరూ చేస్తారు, నిజమే. దొరికేదీ అక్కడే. రేకు మందం స్క్రూ గేజ్ పెడితే రెండు నిమిషాల్లో తేలుతుంది. చాలా కంపెనీల రేకుల మీద మందం అచ్చేసి కూడా ఉంటుంది. వడ్ల వ్యాపారి తూకాల మనిషి, రేకుల బండి కాటా మీదికి ఎక్కించడం ఆయనకు పెద్ద పని కాదు. కూడిక తప్పంటే నమ్ముతాడు. రేకు పల్చన చేస్తే దాన్ని తప్పు అనడు, మోసం అంటాడు.

నరేందర్ చెప్పింది సగం నిజం. టెండర్ కాగితాల్లో ఆ షరతు ముందే రాసి ఉంటుంది కాబట్టి అక్కడ రేటు నిలబడుతుంది. నీ కొటేషన్ కింద అలాంటి షరతు ఉందా? ఉండదు. పైగా ఆయన రాతపూర్వకంగా ఒప్పుకున్నది 4.10కి. ఒప్పుకోకముందు అయితే కొటేషన్ వెనక్కి తీసుకునే హక్కు నీకుండేది. ఒప్పుకున్నాక ఒక్కరి వైపు పొరపాటు ఉందన్న కారణంతోనే ఒప్పందం రద్దు చేయలేమని 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 22వ సెక్షన్ చెప్తుంది. షట్టర్ లైన్ కళ్ల ముందే ఉంది కదా అని వకీలు వాదించొచ్చు. 30 వేల కోసం అంతదూరం ఎవరు పోతారు? కాబట్టి "కట్టాల్సిందే" అనే గొంతుతో మొదలు పెట్టకు. నువ్వు ఆయన్ని అడగాలి.

అసలు ఆలోచించాల్సింది ఒకటుంది. ఆయన నీ ఒక్కడి దగ్గరే కొటేషన్ తీసుకుని ఉండడు. ఇంకొకరు 4.25 చెప్పి ఉంటే, నీది 4.10 అని చూసి అతన్ని వద్దనుకుని ఉంటాడు. ఇప్పుడు నువ్వు 4.41 అంటే "తక్కువ చూపించి అడ్వాన్స్ తీసుకుని ఇప్పుడు పెంచుతున్నాడు" అనిపిస్తుంది. నమ్మకం పోయేది అక్కడే. ఐరన్ రేట్లు రోజూ మారుతాయి కాబట్టి ఆ రెండో కొటేషన్ గడువు ఎక్కువ రోజులు ఉండదు. అది చెల్లుతుండగానే చెప్పాలి. అంటే ఈరోజే. నాలుగు రోజులు ఆలోచించి చెప్తే ఆయనకు వేరే దారి మూసేసినట్టవుతుంది.

ముందు ఫోన్ చెయ్యి, కాగితం తర్వాత. "సేటు, పైపుల ఆర్డర్ పెట్టే ముందు లెక్క మళ్లీ చూసిన. షట్టర్ లైన్‌లో ఉంది గానీ టోటల్‌లో కలవలేదు. తేడా జీఎస్టీతో 30,680 వస్తుంది. పని ఇంకా మొదలు పెట్టలేదు, మీ అడ్వాన్స్ అలాగే ఉంది. మీరు ఎట్ల అంటే అట్ల చేద్దాం." ఇంతే. కంప్యూటర్ మీద, అబ్బాయి మీద నెట్టకు. ఆయనకు ఆ కథ అవసరం లేదు.

ఆయన ముందు మూడు దారులు పెట్టు. షట్టర్ లేకుండా అదే 4,10,446కి పని, షట్టర్ ఆయనే ఎక్కడైనా చేయించుకోవచ్చు. లేదా షట్టర్ నీకు పడే ధరకే ఇస్తానను. రెండూ వద్దంటే 50,000 అదే రోజు వాపస్. మూడోది ఉత్త మాటగా కాకుండా నిజంగా ఇచ్చేట్టు ఉండాలి. అప్పుడే మిగతా రెండూ బేరంలా వినపడవు.

సుజాత, మిర్యాలగూడ

నేను రైస్ మిల్లులో అకౌంట్స్ చూస్తాను, కొటేషన్లు పోల్చే షీట్ నాదే. శ్రీనివాస్ గారు చెప్పింది నిజం. మేము ముందు చూసేది కింద అంకె. లైన్లు ఎవరు చదువుతారండీ, అనుమానం వస్తేనే చదువుతాం.

ఒకసారి ఒక ఎలక్ట్రికల్ సప్లయర్ "రివైజ్డ్" అని ఇంకో పీడీఎఫ్ పంపాడు. ఏం మారిందో ఎక్కడా లేదు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే చెప్పిన కేబుల్ ధరతో పాటు ఇంకో రెండు రేట్లు కూడా కొంచెం కొంచెం పెరిగాయి. బహుశా మార్కెట్ పెరిగే ఉంటుంది. కానీ మా సార్ ఆ కొటేషన్ పక్కన పెట్టించారు. కాబట్టి యాదగిరి గారూ, ఈ పది రోజుల్లో పైపు రేటు పెరిగినా సరే, ఈ కాగితంలో దాన్ని ముట్టుకోకండి.

ఇంకోటి, వాట్సాప్‌లో పాత పీడీఎఫ్ డిలీట్ చెయ్యకండి. అక్కడ `This message was deleted` అని పడుతుంది. అప్పటికే మేము డౌన్‌లోడ్ చేసుకుని ఉంటాం. అది చూస్తే లేని అనుమానం పుడుతుంది.

నరేందర్, సూర్యాపేట

సరే, షరతు లేకపోతే కష్టమే, ఒప్పుకుంటున్నా. కానీ కొన్న ధరకు షట్టర్ ఎందుకివ్వాలి? ఆయన అడిగిన వస్తువే కదా? నష్టం అంతా మనమే మొయ్యాలా?

శ్రీనివాస్, మహబూబ్‌నగర్

నష్టం కాదు నరేందర్, లాభం వదులుకోవడం. షట్టర్ యాదగిరికి 21,000 పడుతుందనుకో. దానికి జీఎస్టీ 3,780. సేటు ఇచ్చేది 24,780. 30,680 కాస్తా 24,780 అయింది, యాదగిరి వదులుకున్నది 5,000 లాభం. చేతి నుంచి ఏమీ పోలేదు. అయితే మొత్తం 30,680 నువ్వే భరిస్తానని మాత్రం ఫోన్‌లో నోరు జారకు తమ్మీ. ఈ పని మొత్తంలో నీకు మిగిలేది ఎంతో చూసుకో. అంతా అందులోనే పోతే, పని మధ్యలో వెల్డర్లకు కూలి ఇవ్వలేక ఆపేస్తే, అది ఇంకా పెద్ద మాట పోవడం.

సుజాత గారి మాటకు కలుపుతున్నాను. సేటు ఏదో ఒకటి ఒప్పుకున్నాకే కొత్త కాగితం పంపు. నంబర్ పాతదే ఉంచి చివర R1 పెట్టు, తేదీ కొత్తది వెయ్యి. పైన ఇలా రెండు మూడు లైన్లు చాలు: "మొదటి కొటేషన్‌లో 6వ లైన్ (రోలింగ్ షట్టర్) మొత్తంలో కలవలేదు. ఫోన్‌లో మాట్లాడుకున్న ప్రకారం షట్టర్ ధర 26,000కు బదులు 21,000. పన్నుతో పాత మొత్తం 4,10,446, కొత్త మొత్తం 4,35,226. మిగతా లైన్లలో రేటు, కొలత, మందం ఏవీ మారలేదు. అందిన అడ్వాన్స్ 50,000." ఆయన దగ్గర్నుంచి "ఓకే" రాతలో వచ్చాకే పైపులు ఆర్డర్ పెట్టు.

ఖాజా భాయ్ అడిగింది కూడా కనుక్కో. సేటు కాగితం బ్యాంకులో ఇచ్చి ఉంటే ఈ R1 కాపీ అక్కడికీ పోవాలి. లేకపోతే బిల్లు ఒక అంకె, బ్యాంకు ఫైల్‌లో ఇంకో అంకె ఉంటాయి. లోన్ పెంచుతారా అంటే ఆ బ్రాంచి మేనేజర్‌నే అడగాలి భాయ్, నేను చెప్పలేను.

లక్ష్మణ్, వనపర్తి

దీనికి క్రెడిట్ నోటో డెబిట్ నోటో వెయ్యాలి కదా? జీఎస్టీ రిటర్న్‌లో చూపించకపోతే నోటీసు వస్తుంది.

సుజాత, మిర్యాలగూడ

అది ఇన్వాయిస్ ఇచ్చాక లక్ష్మణ్ గారూ. ఇక్కడ ఇంకా కొటేషనే. R1 పంపితే సరిపోతుంది, నోట్ అక్కర్లేదు. ఇన్వాయిస్ మాత్రం R1 ప్రకారమే కొట్టాలి.

యాదగిరి, నల్లగొండ

ఫోన్ చేశాను. సేటు కాసేపు మాట్లాడలేదు. తర్వాత "నాకు ఇంకొకాయన 4.28 చెప్పిండు, మీది తక్కువని ఆపిన" అన్నారు. శ్రీనివాస్ అన్న అన్నట్టే ఉంది వ్యవహారం. అతని 4.28లో షట్టర్ ఉందో లేదో కనుక్కుని రేపు చెప్తానన్నారు. అడ్వాన్స్ ఎప్పుడడిగినా పంపుతానని చెప్పాను. బ్యాంకు లోన్ ఏమీ లేదట.

ఫార్ములా సంగతి కూడా చూశాం. టోటల్ పైన ఒక ఖాళీ లైన్ వదిలి దాన్ని కూడా కూడికలో కలిపాం. కొత్త లైన్ ఎప్పుడూ ఆ ఖాళీ లైన్‌కు పైనే ఇన్సర్ట్ చెయ్యాలని అబ్బాయికి చెప్పాను.

```
=SUM(F4:F10)
```

అదే ఫైల్ నుంచి ఈ మధ్య పోయిన కొటేషన్లన్నీ తీసి కాలిక్యులేటర్‌తో కూడాం. ఇంకొకటి దొరికింది. తిప్పర్తి పార్టీది, అందులో రిడ్జ్ రెండుసార్లు పడింది. 5,580 ఎక్కువ, జీఎస్టీ వేరే. ఆ పని అయిపోయింది, బిల్లు కూడా కట్టేశారు. వాళ్లకు తెలియదు.

శ్రీనివాస్, మహబూబ్‌నగర్

తిప్పర్తి వాళ్లకు ముందు ఫోన్ చెయ్యి, డబ్బు వాపస్ పంపు. లక్ష్మణ్ చెప్పిన క్రెడిట్ నోట్ పనికొచ్చేది ఇక్కడే, బిల్లు అయిపోయింది కాబట్టి. 5,580కి పన్ను 1,004 కలిపి 6,584. సేటు రేపు ఏమంటాడో రాయి.

మల్లేశ్, దేవరకొండ

వాళ్లు అడగని డబ్బు కూడా ఇస్తారా? మీ ఇష్టం అన్నా. నేనైతే వాళ్ల తర్వాతి పనిలో తగ్గించేవాణ్ని.