నైట్రోగ్లిజరిన్ ప్యాచ్ తీసేసిన గంటల్లో నొప్పి వస్తోంది, ఏం చేశారు?

మా నాన్నకు 67 ఏళ్లు, యాంజైనా ఉంది. ఛాతీకి 10 mg/24 h ప్యాచ్ వేస్తున్నాం, దాంతో పాటు ఆస్పిరిన్, అటోర్వాస్టాటిన్. మొదట్లో రోజంతా ఉంచేవాళ్లం. తలనొప్పి వచ్చేది కానీ మెట్లెక్కినా ఛాతీ పట్టేది కాదు. కొన్ని రోజులకు తలనొప్పి పోయింది, దాంతో పాటే మందు పనితనమూ పోయింది.

డాక్టర్ చెప్పింది ఏంటంటే, ఈ మందు ముఖ్యంగా సిరల్ని వదులు చేస్తుంది, రక్తం వాటిలో నిలిచి గుండెకు తక్కువగా తిరిగొస్తుంది, గుండె గోడల మీద ఒత్తిడి తగ్గి ఆక్సిజన్ అవసరం కూడా తగ్గుతుంది. కానీ మందును నైట్రిక్ ఆక్సైడ్‌గా మార్చే ఎంజైమ్ రక్తనాళాల్లో ఎడతెగకుండా వాడితే మొద్దుబారిపోతుందట, శరీరం నీటిని పట్టి ఉంచి సిరల్ని మళ్లీ నింపేస్తుందట. అందుకే రోజూ 10–12 గంటలు ప్యాచ్ లేకుండా ఉండాలన్నారు.

ఇప్పుడు ఉదయం 8కి వేసి రాత్రి 8కి తీస్తున్నాం. పగలు హాయిగా ఉంటున్నారు, తెల్లవారుజామున 5కి మాత్రం నొప్పి. నాలుక కింద స్ప్రే కొడితే మూడు నిమిషాల్లో తగ్గుతుంది. డాక్టర్‌ని అడిగి రాత్రిపూట వేసి చూశాం, అప్పుడు నొప్పి సాయంత్రం నడకకు మారింది, అంతే తేడా. ఈసీజీలో కొత్త మార్పేమీ లేదు, బీపీ 130/80, పల్స్ 84. సోమవారం మళ్లీ చూపించాలి, ఈలోగా టెన్షన్.

ఇలాగే ప్యాచ్ లేని గంటల్లో నొప్పి వచ్చినవాళ్లకు ఆ ఖాళీ కోసం మీ డాక్టర్ ఏ మందు కలిపారు, బీటా బ్లాకరా, ఇంకేదైనానా?