సాక్షి సమన్లు వచ్చాయి, యజమానికి ఎంతవరకు చెప్పాలి?

నమస్కారమండీ. మాది పర్లాకిమిడి, రాయగడలో బట్టల కొట్టులో పనిచేస్తున్నా. మా వీధి గొడవ కేసులో సాక్షిగా రమ్మని సమన్లు అందాయి. వెళ్లకపోతే వారెంటు రావచ్చు, మానే వీల్లేదు.

యజమానికి ఇలా రాసుకున్నా: "అయ్యా, గురువారం కోర్టులో సాక్షిగా హాజరవ్వాలి. ఆ ఒక్కరోజు సెలవు ఇప్పించండి. హాజరైనట్టు కోర్టు నుంచి కాగితం తెచ్చిస్తాను."

సమన్ల నకలు అడుగుతారేమోనని నా భయం. అందులో ముద్దాయి పేరుంది, ఆయన మా కొట్టు ఖాతాదారే. పేరు కప్పినా, కేసు నంబరు ఉంటే ఈ-కోర్ట్స్‌లో చూసేయొచ్చు కదా. కోర్టు పేరు, తేదీ, నా పేరు, ముద్ర మాత్రమే కనిపించేలా జిరాక్సు తీసిస్తే సరిపోతుందా? ఆ రోజు వాయిదా పడితే మళ్లీ సెలవు కావాలని ఇప్పుడే చెప్పాలా? ఇలా వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.