అప్‌డేట్: అత్తయ్యకు తమిళం, మాకు తెలుగు, ఒకటే టీవీ

నేను అడిగింది: "నేను తెలుగు, మావారు తమిళం. అత్తయ్యకు తమిళం తప్ప వేరే భాష చదవడం రాదు. మలయాళం, హిందీ సినిమాలు అందరం కలిసి చూడాలంటే ఆడియో ఏది, సబ్‌టైటిల్స్ ఏవి పెట్టాలి?"

సబ్‌టైటిల్స్ చదవలేని మనిషిని బట్టి ఆడియో ఎంచుకోమని చాలామంది చెప్పారు. అదే పని చేసింది. హిందీ సినిమాకు తమిళ ఆడియో, ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ పెడుతున్నాం. ఒక చిక్కు ఉంది. ఆ సబ్‌టైటిల్స్ సాధారణంగా అసలు హిందీ మాటల నుంచి రాసినవి. డబ్బింగ్ వాళ్లేమో పెదవుల కదలికకు సరిపడేలా డైలాగ్ మారుస్తారు. అందుకే తెర మీద ఒక జోకు, చెవిలో ఇంకో జోకు! రెండూ తెలిసిన మావారికి చిరాకు. ఆయన సబ్‌టైటిల్స్ వైపు చూడటం మానేశారు.

మలయాళానికి మాత్రం డబ్బింగ్ వద్దనుకున్నాం. తమిళానికి దగ్గర కాబట్టి అత్తయ్యకు చాలావరకు అర్థమవుతుంది, మిగతాది మావారు చెబుతారు. పైగా కథలో తమిళం, మలయాళం మాట్లాడే పాత్రలు కలిసి ఉంటే, డబ్బింగ్‌లో అందరూ ఒకే భాష మాట్లాడేస్తారు, ఆ తేడా మీద నడిచే సీను తేలిపోతుంది.

తెలుగు ఆడియో ఉన్నా తెలుగు సబ్‌టైటిల్స్ ఉండకపోవచ్చు. ఇప్పుడు సినిమా మొదలుపెట్టే ముందే రెండు లిస్టులూ తెరిచి చూస్తున్నాను. కొన్ని యాప్‌లలో ఒక్కో భాషకు సినిమా విడిగా ఉంటుంది, అక్కడ మెనూలో కనబడలేదని వదిలేయకుండా పేరుతో వెతకాలి.