ప్రాజెక్ట్ బీటా 1.10 వస్తోంది, జవాబులో 1.27 ఉంది. తప్పెక్కడ?

రాత్రి_క్లాసు: సాయంత్రం నుంచి ఈ ఒక్క లెక్కతోనే కూర్చున్నాను. కంపెనీ కొత్త వ్యాపారంలోకి వెళ్తోంది. ఆ ఒక్క వ్యాపారమే చేసే మూడు కంపెనీల బీటాలు ఇచ్చారు. మూడింటినీ అన్‌లీవర్ చేశాను, సగటు తీశాను, ప్రాజెక్ట్ అప్పు 40% కాబట్టి దానితో రీలీవర్ చేశాను. 1.10 వస్తోంది. జవాబు 1.27 అట. ఫార్ములా పదిసార్లు చూసుకున్నా. జవాబే తప్పేమో అనిపిస్తోంది.

లెక్కలపిచ్చి: అంకెలు పెట్టండి. పన్ను రేటు ఎంత? 40% దేనిలో 40%?

డేటా_మనిషి: దానికంటే ముందు ఆ మూడు బీటాలు ఎలా వచ్చాయో చూడాలండీ. రెండేళ్ల వారపు రాబడులతో తీసిన బీటా ఒకలా, అయిదేళ్ల నెలవారీ రాబడులతో తీసింది మరోలా ఉంటుంది. షేరు సరిగ్గా ట్రేడ్ కాకపోతే బీటా తక్కువగా కనబడుతుంది. ఒక్కో కంపెనీ బీటాలో ఇంత అనిశ్చితి ఉన్నప్పుడు రెండో దశాంశం కోసం కొట్టుకోవడం ఎందుకు? మూడు కంపెనీలు చాలవు, ఇంకా చేర్చి మధ్యస్థం తీసుకోండి.

రాత్రి_క్లాసు: సార్, బీటాలు ప్రశ్నలోనే ఇచ్చారు, నేను తీయలేదు. అంకెలివి: బీటాలు 1.30, 1.05, 1.16. వాటి D/E వరుసగా 0.80, 0.25, 0.50. పన్ను 25%. ప్రాజెక్ట్‌కి పెట్టే మొత్తం డబ్బులో 40% అప్పు. కంపెనీ మొత్తానికి చూస్తే అప్పు 20%.

పాత_బ్యాచ్: అదిగో. 20% తో రీలీవర్ చేయాలి. అప్పు ఇచ్చేవాళ్లు కంపెనీని చూసి ఇస్తారు, ప్రాజెక్ట్‌ని చూసి కాదు.

లెక్కలపిచ్చి: లేదండీ. 20% తో చేస్తే 1.27 నుంచి ఇంకా దూరం పోతారు. ఈ ప్రాజెక్ట్ సొంతంగా ఎంత అప్పు మోయగలదో అదే ఇక్కడ కావాలి, అది 40% అని ఇచ్చేశారు.

అసలు తిరకాసు వేరే ఉంది. మూడు కంపెనీలకు ఇచ్చింది అప్పుని ఈక్విటీతో భాగించిన అంకె. ప్రాజెక్ట్‌కి ఇచ్చింది అప్పుని మొత్తంతో భాగించిన అంకె. ఫార్ములాలో రెండుచోట్లా D/E యే ఉండాలి. 100 లో అప్పు 40 అయితే ఈక్విటీ 60, కాబట్టి D/E 0.67. మీరు 0.40 పెట్టేశారు.

```
1.30 / (1 + 0.75*0.80) = 0.81
1.05 / (1 + 0.75*0.25) = 0.88
1.16 / (1 + 0.75*0.50) = 0.84
సగటు = 0.847
0.847 * (1 + 0.75*0.667) = 1.27
0.847 * (1 + 0.75*0.40)  = 1.10
```

అన్‌లీవర్ చేశాక మూడూ 0.81, 0.88 మధ్యకి దగ్గరపడ్డాయి చూడండి. అప్పు తేడా తీసేస్తే ముగ్గురిదీ ఇంచుమించు ఒకే రిస్క్. అలా దగ్గరపడకపోతే ఆ కంపెనీల్లో ఏదో ఒకటి ఈ వ్యాపారానికి సరిపోదని అనుమానించాలి.

కొత్త_ఉద్యోగి: నాకూ ఇలాంటిదే వచ్చిందండీ. నా పోలికల్లో ఒక కంపెనీకి రెండు వ్యాపారాలున్నాయి. దాన్ని సగానికి సగం విడగొట్టొచ్చా?

లెక్కలపిచ్చి: దాన్ని వదిలేయండి. కుదరకపోతే వ్యాపారాల విలువలను బట్టి విడగొట్టాలి, సగం సగం కాదు. మీది వేరే థ్రెడ్ పెట్టండి.

పాత_బ్యాచ్: సరే, 40% కే ఒప్పుకుంటాను. కానీ అప్పు నిష్పత్తి ఎప్పుడూ 40% గానే ఉంచుతామంటే పన్ను పదం పెట్టకూడదు. ఆ ఫార్ములా అప్పు మొత్తం మారకుండా ఉంటుందనుకునే చోటికి. కాబట్టి 0.847 ని 1.667 తో గుణించాలి, 1.41 వస్తుంది.

లెక్కలపిచ్చి: మొదటి మాట నిజం. రెండోది కాదు. అన్‌లీవర్ చేసేటప్పుడు పన్ను పెట్టి, రీలీవర్‌లో తీసేస్తే రెండు ఊహలు కలిసిపోతాయి. పన్ను లేకుండా మొదటి నుంచి చేయండి: 0.72, 0.84, 0.77, సగటు 0.78. దాన్ని 1.667 తో గుణిస్తే 1.30. అంటే 1.27 కి దగ్గరే. ఏ ఫార్ములా వాడినా రెండు చివరలా అదే వాడితే తేడా కొంచెమే.

డేటా_మనిషి: ఆ D/E లు మార్కెట్ విలువలేనా, బ్యాలెన్స్ షీట్‌లోవా? ఈక్విటీకి పుస్తక విలువ వాడితే ఇదంతా తారుమారు అవుతుంది.

రాత్రి_క్లాసు: మార్కెట్ విలువలని ప్రశ్నలో ఉంది సార్. 1.27 వచ్చేసింది. థాంక్స్ అందరికీ.

పాత_బ్యాచ్: మీరంతా అప్పు బీటా సున్నా అనుకుంటున్నారు కదా? 0.80 D/E ఉన్న కంపెనీకి కూడానా?