మీటరు ఒకటే, ఏసీ ఒక గదిలోనే: కరెంటు బిల్లు ఎలా పంచుకోవాలి?

పటమట బ్యాచిలర్: విజయవాడ పటమటలో ముగ్గురం ఒక ఫ్లాట్‌లో ఉంటున్నాం. మీటరు ఒక్కటే. ఏసీ ఒక గదిలోనే ఉంది. మే బిల్లు 430 యూనిట్లు వచ్చింది, మార్చిలో 210. ఏసీ గది అతను నీళ్లు, నెట్ పంచుకున్నట్టే ఇదీ మూడు భాగాలు చేద్దామంటున్నాడు. ఇది న్యాయమేనా?

వన్‌టౌన్ వాసు: కాదు. పెరిగిన 220 యూనిట్లూ అతనివే. మార్చి బిల్లు పక్కన పెట్టి మిగతాది కట్టమనండి.

బ్రాడీపేట సుధ: ఏసీ ఎవరు కొన్నారు? ఓనర్‌దా, అతనిదా?

కరెంటోడు: వాసు గారూ, అలా తీసేయకండి. మే నెలలో మిగతా రెండు గదుల్లో ఫ్యాన్లు పగలూ రాత్రీ తిరుగుతాయి, ఎండలకి ఫ్రిజ్ కూడా ఎక్కువే లాగుతుంది. కొంత పెరుగుదల అందరిదీ.

ఏసీ ఎంత తాగుతోందో కొలవడానికి పెద్ద ఖర్చేమీ లేదు. కింద మీటర్ బోర్డు దగ్గరికి వెళ్తే మీ మీటరు మీద చిన్న ఎర్ర లైటు మిణుకుమంటూ ఉంటుంది. పక్కనే `3200 imp/kWh` లాంటి అంకె రాసి ఉంటుంది. అంటే 3200 సార్లు మెరిస్తే ఒక యూనిట్. ఏసీ ఆపి ఒక నిమిషం లెక్కపెట్టండి, ఆన్ చేసి మళ్లీ లెక్కపెట్టండి. రెంటికీ తేడా 48 వచ్చిందనుకోండి, గంటకు 2880, అంటే 0.9 యూనిట్. అయితే ఇన్వర్టర్ ఏసీ మొదటి గంటలో బాగా లాగి, గది చల్లబడ్డాక తగ్గుతుంది. అందుకే నిమిషం లెక్కను పూర్తిగా నమ్మొద్దు. ఒక రాత్రి ఏసీతో, ఒక రాత్రి ఏసీ లేకుండా, పడుకునే ముందూ లేచాకా రీడింగ్ తీసుకోండి. డిస్‌ప్లేలో అంకెలు మారుతూ ఉంటాయి, `kWh` అని వచ్చినప్పుడే రాసుకోవాలి. చాలామంది పక్కనున్న `kVAh` రాసుకుని తర్వాత తన్నుకుంటారు.

పటమట బ్యాచిలర్: నిన్న, మొన్న అలాగే చూశాం అన్నా. రాత్రికి ఆరున్నర యూనిట్ల పైనే తేడా. నెలకి 200 అనుకోవచ్చు.

కరెంటోడు: అయితే లెక్క తేలిక. మన శ్లాబులు 30 వరకూ 1.90, 75 వరకూ 3, 125 వరకూ 4.50, 225 వరకూ 6, 400 వరకూ 8.75, ఆపైన 9.75. మీ 430కి కరెంటు చార్జీ దాదాపు 2,840. ఏసీ లేకపోతే 230 యూనిట్లు, అంటే 1,060. ఏసీ వల్ల పెరిగింది 1,780. అది అతనిది, 1,060 ముగ్గురిదీ. అతనికి 2,134, మీ ఇద్దరికీ చెరో 354. ఫిక్స్‌డ్ చార్జీ వగైరా చిన్నవి సమానంగా పంచుకోండి.

ఏసీ లేనిదే నిద్రపట్టదు: ఇదెక్కడి న్యాయం? మీ లెక్కలో మొదటి 230 యూనిట్లు వాళ్లవి, చివరి 200 అతనివి. చవక శ్లాబులన్నీ వాళ్లకి, 8.75, 9.75 అతనికి. ఏసీ చివర్లో తిరిగిందని మీటరుకి ఎవరు చెప్పారు? నెల మొదటి రాత్రి నుంచే తిరుగుతోంది కదా. మొత్తం 2,840ని 430తో భాగిస్తే యూనిట్ 6.61. ఏసీకి 1,321, మిగతా 1,520 ముగ్గురూ పంచుకోవాలి. అతనికి 1,828, వాళ్లకి చెరో 507. నేనూ ఇలాగే కడతాను.

కరెంటోడు: ఏసీ లేకపోతే వాళ్లు 354 కట్టేవాళ్లు. అది వచ్చాక 507 కడుతున్నారు. వాళ్లు వాడింది ఒక్క యూనిట్ కూడా పెరగలేదు. ఆ 153 దేనికి?

ఏసీ లేనిదే నిద్రపట్టదు: తిరగేసి చూడండి సార్. ఇంట్లో ఏసీ ఒక్కటే ఉండి, మిగతావేవీ లేకపోతే 200 యూనిట్లకి 867 అయ్యేది. వాళ్ల ఫ్రిజ్, గ్రైండర్, టీవీ చేరాకే ఆ 867 కాస్తా 1,780 అయింది. ఏసీ ముందు అనుకుంటే 867, చివర అనుకుంటే 1,780. సగం చేస్తే 1,323. సగటు లెక్కతో రెండు రూపాయలే తేడా. ఇప్పుడు చెప్పండి.

కరెంటోడు: ఆ రెండు రూపాయలు ఈ అంకెలకి అలా కలిసొచ్చాయి. ఏసీ 300 లాగితే కలవవు. కానీ మీ వాదన తప్పని నేననను. చవక శ్లాబు ఇంటికి ఇచ్చింది, మనిషికి కాదు. దాన్ని ఎవరి ఖాతాలో వెయ్యాలన్నదే గొడవ. నా లెక్కలో అందరూ వాడే వస్తువులకే అది ముందు దక్కాలి.

తెనాలి శీను: మా ఓనర్ సబ్‌మీటర్ పెట్టి యూనిట్‌కి 10 వసూలు చేస్తున్నాడు. పై వాటా, కింద వాటా ఒకే సర్వీసు. ఏ శ్లాబులోనూ 10 లేదు! దీనికేమంటారు?

వన్‌టౌన్ వాసు: శీను గారూ, అది వేరే పోస్టు పెట్టి అడగండి.

నిడమానూరు: ఎవరూ అనట్లేదు గానీ, బిల్లులో ట్రూఅప్ అని పాత వాడకం మీద వేసే సర్దుబాటు ఉంటే చూడండి. ఇంతకుముందు అద్దెకున్నవాళ్లు వాడినదానికి మీరెందుకు కట్టాలి? అది ఓనర్‌ని అడగాలి.

బ్రాడీపేట సుధ: మళ్లీ అడుగుతున్నా. ఏసీ ఎవరిది? అద్దె ముగ్గురికీ సమానమేనా?

పటమట బ్యాచిలర్: ఏసీ ఓనర్‌దే అక్కా. అద్దె మొత్తం 18,000. అతను 7,000 ఇస్తాడు, మేము చెరో 5,500.

ఏసీ లేనిదే నిద్రపట్టదు: ఓహో! ఇది ఇంతసేపు దాచావా బ్రో? నెలకి 1,500 ఎక్కువ కడుతున్నాడు, చలికాలంలో కూడా! ఏడాదికి 18,000. ఏసీ నాలుగు నెలలు తిరిగినా కరెంటోడి గారి లెక్కలో 7,120. ఇంకా అతన్నే దొంగలా చూస్తున్నావు.

పటమట బ్యాచిలర్: దాచలేదు. ఆ గది పెద్దది, అటాచ్డ్ బాత్రూమ్ ఉంది, బాల్కనీ ఉంది. 1,500 దానికి. నేను హాల్లో పడుకుంటున్నా, తలుపు కూడా లేదు. మే నెలలో హాల్లో పడుకుని చూడండి, అప్పుడు మాట్లాడండి.

బ్రాడీపేట సుధ: అసలు తగువు ఇదన్నమాట, శ్లాబులు కాదు. ఆ 1,500లో ఏసీ కరెంటు కూడా కలిసిందని అతను అనుకుంటున్నాడు, గదికి మాత్రమేనని నువ్వు అనుకుంటున్నావు. చేరిన రోజు ఎవరూ నోరు తెరిచి మాట్లాడుకోలేదు. మా చెల్లి వాళ్లు గుంటూరులో నలుగురు ఉండి ఇలాగే విడిపోయారు, అక్కడ గొడవ నీళ్ల దగ్గర. ఒకమ్మాయి ఇంటికి వారం వారం చుట్టాలు. క్యాన్లు తలా ఇన్ని అని లెక్కకట్టి చివరికి ఎవరి క్యాన్ వాళ్లు కొనుక్కున్నారు.

కరెంటోడు: నెట్ బిల్లుకి ఈ బాధ లేదు, ఎంత వాడినా అదే ప్లాన్, తలా ఒక వంతు. నీళ్లు అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్‌లో కలిసి వస్తే మనిషికింత అనుకోండి, చుట్టాలు వారం ఉంటే అరమనిషి కలపండి. కరెంటుకి మాత్రం ఏసీ ప్లగ్ దగ్గర 16 ఆంపియర్ల మీటర్ పెట్టించండి. యూనిట్లు ఎన్నో అది చెబుతుంది. రేటెంతో మీరు ముగ్గురూ కూర్చుని తేల్చుకోవాల్సిందే.

ఏసీ లేనిదే నిద్రపట్టదు: రేటు 6.61. రాసిపెట్టుకోండి.

పటమట బ్యాచిలర్: జూన్ నుంచి మీటరుకి అతను ఒప్పుకున్నాడు. మే బిల్లుకి 1,500 మాట తీశాడు, నేను బాల్కనీ మాట తీశాను, హాల్లోంచి లేచి వెళ్లిపోయాడు. కట్టడానికి గడువు ఎల్లుండి.

వన్‌టౌన్ వాసు: ముందు ఎవరో ఒకరు కట్టండి నాయనా. ఆలస్య రుసుము పడితే అది ఏ శ్లాబులో వెయ్యాలని మళ్లీ ఇక్కడికే వస్తారు.