సాఫ్ట్‌వేర్ మార్పుకు ముందు ఎంట్రీ ఫ్రీజ్: మార్చి 30, 31 బిల్లులు ఎవరు ఎక్కించాలి?

కావలి_డిపో:
మాది రొయ్యల మేత కంపెనీ, నేను కావలి దగ్గర డిపో చూస్తాను. ఏప్రిల్ 1 నుంచి కొత్త సాఫ్ట్‌వేర్ అని హెడ్డాఫీసు నోటీసు పంపింది. అందులో ఉన్నది ఇది: మార్చి 25 తర్వాత కొత్త డీలర్, కొత్త ఐటెమ్ తెరవరు, రేట్లు మార్చరు. మార్చి 29 సాయంత్రం 6 నుంచి ఏప్రిల్ 1 ఉదయం 9 దాకా బిల్లింగు, సరుకు రాక, డీలర్ల డబ్బు జమ ఏవీ ఎంట్రీ చేయకూడదు. పాత రిపోర్టులు చూసుకోవచ్చు కానీ మార్చడానికి కుదరదు. సరుకు ఆపొద్దు, చేతి బిల్లు పుస్తకం మీద ఇవ్వండి, ఆ బిల్లులు 1వ తేదీన ఎక్కించండి. 31 రాత్రి గోడౌన్ లెక్క తీసి పంపండి. సందేహాలుంటే ముందు మీ ఏరియా సూపర్ యూజర్‌ను, తర్వాత హెల్ప్‌డెస్క్‌ను అడగండి. నా ప్రశ్న ఒక్కటే, ఇది సరిపోతుందా? సూపర్ యూజర్‌ను అడిగితే నోటీసులో ఉన్నట్టు చేయమంటున్నాడు.

ఒంగోలు_ట్యాక్స్:
సరిపోదు. ఫ్రీజ్‌లో ఈ-వే బిల్లు ఎట్టా తీస్తారు? సిస్టమ్ ఆగితే లారీ గేటు దాటదు, దారిలో ఆపితే జరిమానా ఎవరు కడతారు? ఇయర్ ఎండింగ్‌లో ఈ పని పెట్టుకోవడమే పెద్ద తప్పు.

అల్లూరు_చెరువు:
మార్చి నెలాఖరుకి చెరువుల్లో పంట మధ్యలో ఉంటుంది. రోజుకు నాలుగు పూటలు మేత వేయాలి. ఏ ఫ్రీజ్ అయినా బస్తా మాత్రం ఆగకూడదు.

నెల్లూరు_ఐటీ:
ఇట్టాంటి పనులు దగ్గరుండి చేసినవాడిగా చెప్తున్నాను. ఫ్రీజ్ అనేది మిమ్మల్ని ఇబ్బంది పెట్టడానికి కాదు. పాత దాంట్లో నిల్వ మారుతూనే ఉంటే కొత్త దాంట్లోకి ఏ అంకె తీసుకెళ్లాలి? తీసిన అంకె, ఎక్కించిన అంకె ఒకటేనా కాదా అని తేల్చాలంటే పాతది కదలకుండా ఉండాలి. రెండు రోజులు పుస్తకంలో రాయమంటే ఇంత టెన్షన్ ఎందుకో నాకు అర్థం కావడం లేదు. నోటీసులో తేదీలున్నాయి, ఏవి ఆగుతాయో ఉంది, ఎవరిని అడగాలో ఉంది. ఇంకేం కావాలి?

సింగరాయకొండ_డీలర్:
నోటీసుల సంగతి నాకు తెలీదు. పోయినసారి ఒక కంపెనీ సాఫ్ట్‌వేర్ మార్చినప్పుడు నేను కట్టిన డబ్బు రెండు వారాలు నా ఖాతాలో కనపడలేదు, అప్పు లిమిట్ దాటింది అని మేత ఆపేశారు. రైతులు నా ఇంటి ముందు కూర్చున్నారు. దానికి జవాబు చెప్పండి ముందు.

లెడ్జర్_పెద్దాయన:
ఈ-వే బిల్లు సంగతి ముందు తేల్చేద్దాం. రొయ్యల మేత జీఎస్టీ లేని సరుకు, దానికి ఈ-వే బిల్లు అక్కర్లేదు. అదే లారీలో మినరల్స్, మందులు ఉంటే, వాటి విలువ 50,000 రూపాయలు దాటితే కావాలి. దానికీ కంపెనీ సాఫ్ట్‌వేర్ అవసరం లేదు, ప్రభుత్వ పోర్టల్‌లో లాగిన్ అయి నేరుగా తీసుకోవచ్చు. ఆ లాగిన్ హెడ్డాఫీసులో ఎవరి దగ్గరుందో, ఆ రెండు రోజులు ఫోన్ ఎత్తేది ఎవరో నోటీసులో రాస్తే చాలు.

అసలు తప్పు వేరే చోట ఉంది. కావలి తమ్ముడు రాసిన చివరి మాటలు మళ్లీ చదవండి. బిల్లులు 1న ఎక్కించమన్నారు, 31 రాత్రి గోడౌన్ లెక్కా పంపమన్నారు. ఆ లెక్క చూసుకోవడానికా, కొత్త సాఫ్ట్‌వేర్‌లో ఓపెనింగ్‌గా, అంటే మొదటి నిల్వగా పెట్టడానికా? నోటీసులో లేదు. ఓపెనింగ్‌గా పెడితే మాత్రం ఆ రెండు రోజుల సరుకు రెండుసార్లు లెక్కలోకి వస్తుంది.

నెల్లూరు_ఐటీ:
అట్టా జరగదు. మామూలుగా 29 రాత్రి నిల్వే ఓపెనింగ్ అవుతుంది. 31 లెక్క వెరిఫికేషన్ కోసం.

లెడ్జర్_పెద్దాయన:
మీరు చేసిన చోట అట్టా ఉండొచ్చు సార్, ఈ నోటీసులో రాశారా? రాయకపోతే ఒక్కో డిపో ఒక్కో విధంగా అర్థం చేసుకుంటుంది. అంకెలతో చూడండి. 29 సాయంత్రం 6కి కావలి పుస్తక నిల్వ 412 బస్తాలు అనుకుందాం. ఆ మధ్యాహ్నమే ఫ్యాక్టరీ నుంచి 200 బస్తాల లారీ బయల్దేరింది, డిపోకు 30 ఉదయం చేరింది. 30, 31 తేదీల్లో చేతి బిల్లుల మీద 65 బస్తాలు పోయాయి. 31 రాత్రి గోడౌన్‌లో లెక్కపెడితే 547 ఉంటాయి.

412తో మొదలుపెట్టి 200 రాక, 65 పోక ఎక్కిస్తే కొత్త పుస్తకంలోనూ 547 వస్తుంది. బాగానే ఉంది. కానీ హెడ్డాఫీసులో ఎవరో 31 లెక్క చూసి 547 ఓపెనింగ్‌గా పెట్టారనుకోండి, నోటీసు ప్రకారం డిపో మళ్లీ 200 ఎక్కించి 65 తీస్తే పుస్తకంలో 682 పడుతుంది. గోడౌన్‌లో ఉన్నది 547. 135 బస్తాలు తరుగు. ఒక్క బస్తా పోలేదు, ఎవరూ దొంగతనం చేయలేదు, కానీ కాగితం మీద డిపో మనిషి దొంగ అవుతాడు.

కోవూరు_క్లర్క్:
అమ్మో. బస్తా రెండు వేలకు పైనే కదన్నా.

ఒంగోలు_ట్యాక్స్:
మేత సంగతి వదిలేయండి, నంబర్ల సంగతి చెప్పండి. చేతి బిల్లు నంబరు ఒకటి, కొత్త సాఫ్ట్‌వేర్ ఇచ్చే నంబరు ఇంకొకటి. ఒకే అమ్మకానికి రెండు బిల్లులు. పైగా 31 మార్చి పాత సంవత్సరం, 1 ఏప్రిల్ కొత్త సంవత్సరం. పుస్తకం బిల్లులు అసలు చెల్లవు అంటాను నేను.

లెడ్జర్_పెద్దాయన:
చెల్లుతాయి. జీఎస్టీ రూల్ 46 ప్రకారం ఒకటి కంటే ఎక్కువ సిరీస్‌లు పెట్టుకోవచ్చు, వరసగా ఉండాలి, ఆ సంవత్సరంలో మళ్లీ రాకూడదు, 16 అక్షరాలు దాటకూడదు. మేతకు ఇచ్చే బిల్ ఆఫ్ సప్లైకీ అదే పద్ధతి. కాబట్టి ప్రతి డిపోకు వేరే గుర్తుతో ముందే నంబర్లు అచ్చేసిన పుస్తకం పంపాలి, తెల్ల కాగితం మీద రాయకూడదు. కానీ రెండు నంబర్ల గురించి మీరన్నది నిజమే. రైతు దగ్గర, డీలర్ దగ్గర ఉండేది చేతి బిల్లు నంబరు. మార్చి అమ్మకాల రిటర్ను జీఎస్‌టీఆర్-1లో ఏ సిరీస్‌లో ఎక్కడి నుంచి ఎక్కడి దాకా బిల్లులు ఇచ్చామో చూపాలి, అది ఏప్రిల్ 11 లోపల వేయాలి. కొత్త సాఫ్ట్‌వేర్ వేరే నంబరు వేసి ఏప్రిల్ తేదీ పెడితే ఆ 65 బస్తాలు మార్చి లెక్కలో ఉండవు.

అందుకే నేనైతే డిపోల చేత 1న ఎక్కించను. రోజూ సాయంత్రం బిల్లుల ఫొటోలు, లారీ రసీదు హెడ్డాఫీసుకు పంపాలి. అక్కడ ఇద్దరు ముగ్గురికి మాత్రం పాత సాఫ్ట్‌వేర్ తెరిచి ఉంచి, 30, 31 తేదీలతోనే, చేతి బిల్లు నంబరుతోనే అందులో ఎక్కించాలి. 31 రాత్రి పాతది మూసి, అప్పుడు తీసిన నిల్వే ఓపెనింగ్. డిపో కొత్త దాంట్లో ఏప్రిల్ తేదీతో తప్ప ఏదీ ముట్టుకోదు.

నెల్లూరు_ఐటీ:
చెప్పడం తేలికే. 31 రాత్రి నిల్వ తీసి 1 ఉదయం 9కి తెరవాలంటే మధ్యలో చూసుకోవడానికి టైమేది? 29న ఫ్రీజ్ పెట్టేది ఆ రెండు రోజుల్లో డీలర్ల బాకీలు, బ్యాచ్‌వారీ నిల్వలు సరిచూడటానికి. మీరన్నట్టు చేస్తే ఫ్రీజ్ లేనట్టే.

లెడ్జర్_పెద్దాయన:
29 నిల్వలు ఎక్కించి సరిచూసుకోండి, వద్దనలేదు. ఆ రెండు రోజుల తేడా మాత్రమే 31 రాత్రి ఎక్కించండి. డిపోకు పాతిక ముప్పై బిల్లులుంటాయేమో. దారిలో ఉన్న లారీలను కూడా విడిగా తీసుకెళ్లాలి. ఫ్యాక్టరీ లెక్కలో పోయింది, డిపో లెక్కలో చేరలేదు, అట్టాంటి ట్రాన్స్‌ఫర్ కొత్త దాంట్లో కనపడకపోతే డిపోవాడు దాన్ని కొత్త సరుకుగా రాసేస్తాడు, ఫ్యాక్టరీ వైపు 200 బస్తాలు నెలల తరబడి దారిలోనే వేలాడతాయి. 29 సాయంత్రం 6 లోపల డిపోకు చేరని లారీని పంపకపోతే ఈ బాధే ఉండదు.

అల్లూరు_చెరువు:
లారీ ఆపొద్దు అని మొదటే చెప్పాను.

నెల్లూరు_ఐటీ:
చూడండి, ఏ పద్ధతి పెట్టినా డిపోలు సరిగా రాయకపోతే తేడా వస్తుంది. బిల్లు రాయకుండా బస్తా ఇచ్చి తర్వాత సర్దుకోవడం డిపోల్లో మామూలే. తరుగు వచ్చిన ప్రతిసారీ సాఫ్ట్‌వేర్ మీదకు నెట్టడం అలవాటైపోయింది.

కావలి_డిపో:
ఆ మాట వెనక్కి తీసుకోండి సార్. ఇంతసేపు మర్యాదగా ఉన్నాను, ఇప్పుడు చెప్తాను. ఇంతకు ముందు పనిచేసిన చోట ఇట్టానే సాఫ్ట్‌వేర్ మార్చారు. 40 బస్తాల తరుగు చూపించింది. గోడౌన్‌లో ఒక్క బస్తా తగ్గలేదని మొత్తుకున్నాను. ఓపెనింగ్ ఎవరు పెట్టారు అంటే జవాబు లేదు, ఏ రోజు లెక్క పెట్టారు అంటే జవాబు లేదు. నా జీతంలో నెలనెలా కోసుకున్నారు. నా కూతురి ఫీజు కట్టే నెల అది. నాకు ఫ్రీజ్‌తో గొడవ లేదు, రాత్రి కూర్చుని ఎక్కించమన్నా ఎక్కిస్తాను. ఓపెనింగ్ అంకె మీద నా సంతకం లేకుండా తరుగుకు నేను బాధ్యుణ్ని అంటే మాత్రం ఒప్పుకోను.

కోవూరు_క్లర్క్:
అన్న చెప్పింది వంద శాతం కరెక్ట్. మా దగ్గరా కోస్తారు.

సింగరాయకొండ_డీలర్:
నా బాకీ కూడా అంతే కదా. నా సంతకం లేని అంకె నాది ఎట్టా అవుతుంది?

లెడ్జర్_పెద్దాయన:
అవును, మీదీ ఇదే బాధ. 29 సాయంత్రం బాకీ ఇంత అని డీలర్‌కు కాగితం ఇచ్చి సంతకం తీసుకోవాలి, ఫ్రీజ్‌లో కట్టిన డబ్బుకు చేతి రసీదు ఇవ్వాలి. ఆ రెండు రోజులు లిమిట్ చూసే సిస్టమ్ ఉండదు కాబట్టి ఎవరికి ఎన్ని బస్తాల దాకా అప్పు ఇవ్వొచ్చో డిపోకు ముందే జాబితా పంపాలి.

కావలి తమ్ముడూ, నువ్వు 29 సాయంత్రం 6కి పాత సాఫ్ట్‌వేర్ నిల్వ రిపోర్టు ప్రింటు తియ్యి, టైము పడేటట్టు. అప్పుడే గోడౌన్ లెక్కపెట్టి పక్కన రాసి, ఏరియా మేనేజర్ సంతకం తీసుకో. 31 రాత్రి మళ్లీ అంతే. మధ్యలో ఒక కాగితం: మొదటి నిల్వ, వచ్చిన లారీ నంబరు, బస్తాలు, చేతి బిల్లు మొదటి నంబరు, చివరి నంబరు, మిగిలింది. 1 ఉదయం కొత్త దాంట్లో ఒక్క బిల్లు కొట్టకముందే ఓపెనింగ్ చూడు. 412 ఉందా, 547 ఉందా అన్నదే నువ్వు ఏం ఎక్కించాలో చెప్తుంది. 547 ఉంటే ఏమీ ఎక్కించొద్దు. 412 ఉంటే రాక, పోక రెండూ ఎక్కించాలి, అయితే మార్చి తేదీ పెట్టనిస్తుందో లేదో హెల్ప్‌డెస్క్‌ను అడిగి. ఈ రెండూ కాని అంకె ఉంటే ఫొటో తీసి పంపి ఆగు.

నెల్లూరు_ఐటీ:
డిపోలను అనుమానించాలని అనలేదు. ఓపెనింగ్ ఏ తేదీదో నోటీసులో ఒక్క లైను రాయాలన్నది ఒప్పుకుంటాను. కానీ ప్రతి డిపోలో మేనేజర్ రెండుసార్లు సంతకం పెట్టాలంటే కుదరదు. ఒక మేనేజర్ కింద ఆరేడు డిపోలుంటాయి, 31 రాత్రి అన్ని చోట్లా ఎట్టా ఉంటాడు? వీడియో కాల్‌లో చూస్తే చాలు.

కావలి_డిపో:
వీడియో కాల్ తర్వాత ఎవరి దగ్గర ఉంటుంది సార్? కాగితమే కావాలి. 29నైనా మనిషి రావాలి.

ఒంగోలు_ట్యాక్స్:
మినరల్స్ బిల్లులకు ఆ పోర్టల్ లాగిన్ ఎవరిదో కూడా రాయించండి. అది తేలకుండా నేనైతే లారీ కదలనివ్వను.

కావలి_డిపో:
మూడు ప్రశ్నలు రాసి సూపర్ యూజర్‌కు, హెల్ప్‌డెస్క్‌కు ఇద్దరికీ మెయిల్ పెట్టాను. ఓపెనింగ్ 29దా 31దా, చేతి బిల్లులు ఎక్కించేది ఎవరు, సంతకం ఎవరిది. మొదటిదానికి 29 అని జవాబు వచ్చింది. మిగతా రెండూ చర్చించి చెప్తాం అన్నారు.